తగ్గాల్సింది ఒంటి బరువు, రాడ్ మీద బరువు కాదు

జిమ్‌లో రెండు మూడేళ్లు క్రమం తప్పకుండా బరువులెత్తినవాళ్లు ఏదో ఒకరోజు అద్దం ముందు నిలబడి, కండ వచ్చింది గానీ దాని మీద కొవ్వు కూడా పేరుకుందని గుర్తిస్తారు. కటింగ్ మొదలవుతుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని రాడ్ మీద ప్లేట్లు తీసేయడం. నిన్నటిదాకా 80 కిలోలతో ఆరు రెప్స్ బెంచ్ ప్రెస్ చేసిన మనిషి 50 కిలోలకు దిగి ఇరవై రెప్స్ కొడతాడు. కట్స్ కనపడాలంటే లైట్ వెయిట్, ఎక్కువ రెప్స్ అని జిమ్‌లో పదిమందీ చెబుతారు మరి. దానికి రోజూ గంట ట్రెడ్‌మిల్ తోడవుతుంది. మూడు నెలలకు ఆరేడు కిలోలు తగ్గుతాడు. కానీ భుజాలు జారిపోయి, చొక్కా వదులై, పొట్ట మాత్రం ఇంకా కొంత మిగిలే ఉంటుంది.

ఇక్కడ రెండు పనులు కలగాపులగం అయ్యాయి. కొవ్వు కరిగేది తిండి తగ్గించినందువల్ల. జిమ్‌లో ఇరవై రెప్స్ చేస్తే ఖర్చయ్యే కేలరీలు ఆరు రెప్స్ కంటే కాస్త ఎక్కువేమో గానీ, ఒక పూట అన్నంలో ఓ గరిటె తగ్గించినదానికి మించి ఉండవు. తిండి తగ్గినప్పుడు బరువులెత్తడం వల్ల జరగాల్సింది వేరు. శరీరం లోటును పూడ్చుకోవడానికి కొవ్వుతో పాటు కండను కూడా కరిగించుకోగలదు. ఈ కండతో రోజూ పని పడుతోంది, దీన్ని ఉంచుకోవాలి అని శరీరానికి తెలియాలంటే ఆ కండ మీద ఇదివరకటి భారమే పడాలి. భారం తీసేస్తే ఉంచుకోవాల్సిన కారణమూ పోతుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది మనకు అనుకూలమైనది. కండను పెంచడానికి కావలసినంత పని, నిలుపుకోవడానికి అక్కర్లేదు. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం బర్మింగ్‌హామ్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగు నెలలు శిక్షణ తీసుకున్న యువకులు ఆ తర్వాత ఏడు నెలలకు పైగా అందులో తొమ్మిదో వంతు సెట్లే చేసినా కండను, బలాన్ని నిలుపుకున్నారు. వాళ్లు తిండి తగ్గించుకున్నవాళ్లు కారు కాబట్టి ఆ లెక్కను యథాతథంగా కటింగ్‌కు వర్తింపజేయకూడదు. కానీ సూత్రం పనికొస్తుంది. అలసట వచ్చినప్పుడు తగ్గించాల్సింది సెట్ల సంఖ్య. రాడ్ మీద బరువు ఆఖరిదాకా కాపాడుకోవాల్సినది.

సెట్లు తగ్గించుకుంటూనే ప్రతి కండకూ వారంలో రెండుసార్లు పని చెప్పగల ఏర్పాటు కావాలి. రోజుకో కండ చొప్పున ఆరు రోజులు పంచుకునే పద్ధతిలో ఛాతీకి వారానికి ఒక్కరోజే వస్తుంది. ఆరోజు ఆఫీసులో ఆలస్యమైతే ఆ వారం ఛాతీకి ఏమీ లేనట్టే. మూడు రోజులూ ఒంటినంతా కదిలించే పద్ధతి కొత్తవాళ్లకు బాగుంటుంది. కానీ 110 కిలోలతో స్క్వాట్ చేసేవాడు అదే పూట భారీ బెంచ్ ప్రెస్, రోయింగ్ కూడా చేయాలంటే, అదీ సగం కడుపుతో చేయాలంటే, చివరి వ్యాయామాలకు వచ్చేసరికి ఓపిక ఉండదు. అప్పర్-లోయర్ విభజన ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. సోమవారం నడుము పైభాగం, మంగళవారం కాళ్లు, బుధవారం విశ్రాంతి, గురు, శుక్రవారాల్లో మళ్లీ పైభాగం, కాళ్లు. శని, ఆదివారాలు ఖాళీ. వారంలో మూడు రోజుల విశ్రాంతి దొరుకుతుంది. కటింగ్‌లో ఆ మూడు రోజులే అసలు ఆస్తి.

ఒక మనిషిని ఊహించుకుని మొత్తం పన్నెండు వారాలూ చూద్దాం. హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం, వయసు 32, మూడేళ్ల జిమ్ అనుభవం. ఉదయం లేవగానే తూచిన బరువుల వారపు సగటు 81 కిలోలు, బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. బెంచ్ ప్రెస్ 80 కిలోలతో ఆరు రెప్స్, స్క్వాట్ 110తో ఐదు, డెడ్‌లిఫ్ట్ 140తో ఐదు. ఈ నాలుగైదు అంకెలను నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుంటాడు. ఇకపై తీసుకునే ప్రతి నిర్ణయానికీ వీటితోనే పోలిక.

సోమవారం బెంచ్ ప్రెస్‌తో మొదలు. వార్మప్ అయ్యాక ఒక్క బరువైన సెట్, 80 కిలోలతో ఐదు నుంచి ఏడు రెప్స్. ఇంకొక్క రెప్ చేయగలననిపించినప్పుడే ఆపాలి, రాడ్ ఛాతీ మీద ఇరుక్కునేదాకా కాదు. తర్వాత 72.5 కిలోలకు దించి రెండు సెట్లు. పైసెట్టు కండకు సందేశం పంపేది, కింది రెండూ పనిని పూర్తిచేసేవి. ఈ తేడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఏదైనా కోసేయాల్సి వస్తే కింది రెంటిలోనే కోస్తాం. ఆ తర్వాత ఛాతీని బెంచీకి ఆనించి చేసే రో మూడు సెట్లు, భుజాలకు ఓవర్‌హెడ్ ప్రెస్ రెండు సెట్లు, నడుముకు బరువు కట్టుకుని పుల్-అప్స్ రెండు సెట్లు, చివర్లో చేతులకు కాస్త. గంటా పదినిమిషాలకు మించదు.

రో చేసేటప్పుడు ఛాతీని ఆనించమనడానికి కారణం మంగళవారంలో ఉంది. వంగి నిలబడి రాడ్‌తో రోయింగ్ చేస్తే నడుము కింది కండరాలు గంటసేపు బిగుసుకుని ఉంటాయి. మర్నాడు 110 కిలోలు భుజాల మీద పెట్టుకుని స్క్వాట్‌కు దిగితే ముందు అలసిపోయేది కాళ్లు కాదు, నడుము. వరస రోజుల్లో పైభాగం, కింది భాగం వచ్చే ఈ పద్ధతిలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కాగితం మీద రెండూ వేర్వేరు భాగాలు, కానీ నడుము రెంటికీ ఉమ్మడి. మంగళవారం స్క్వాట్ కూడా అదే తీరు, ఒక బరువైన సెట్, రెండు తేలిక సెట్లు. తర్వాత రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ మూడు, లెగ్ ప్రెస్ రెండు, పిక్కలకు మూడు.

గురువారం ఛాతీ, వీపు, భుజాలకే మళ్లీ పని, కాకపోతే కీళ్ల మీద తక్కువ భారంతో. ఇంక్లైన్ బెంచ్ మీద డంబెల్ ప్రెస్, లాట్ పుల్‌డౌన్, కేబుల్ రో, భుజం పక్క కండరానికి లాటరల్ రెయిజ్. ఒక్కోటి ఎనిమిది నుంచి పదిహేను రెప్స్ మధ్య. శుక్రవారం డెడ్‌లిఫ్ట్‌ను 140తో ఒకే సెట్, 125తో మరొకటి. అంతే. కటింగ్‌లో డెడ్‌లిఫ్ట్ మూడో సెట్‌కు వచ్చే లాభం కంటే మూడు రోజులు వదలని అలసట ఎక్కువని నా అభిప్రాయం. వెనకాల శని, ఆదివారాలు ఉన్నాయి కాబట్టే దాన్ని శుక్రవారం పెట్టాం. గురువారం లాగుడు వ్యాయామాలతో పిడికిలి అలసి ఉంటుంది, అందుకని బరువైన సెట్‌కు చేతి పట్టీలు వాడటంలో తప్పులేదు. తర్వాత బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్, లెగ్ కర్ల్, పిక్కలు.

అన్నీ కలిపితే ఛాతీకి నేరుగా వారానికి ఆరేడు సెట్లు, వీపుకు పదీ పన్నెండు పడతాయి. పెంచే రోజుల్లో ఇతను చేసినదాంట్లో ఇది ఇంచుమించు మూడింట రెండు వంతులు. ఇంత తక్కువా అనిపిస్తుంది. మొదటి రెండు వారాలు నిజంగానే తక్కువగా ఉంటుంది. ఏడో వారం వచ్చేసరికి సరిపోతుంది.

ఇక తిండి. ఇతను ముందుగా రెండు వారాలు ఏమీ మార్చకుండా తిన్నది రాసుకున్నాడు. రోజుకు దాదాపు 2,550 కేలరీలతో బరువు కదల్లేదు. కాబట్టి 2,100 లక్ష్యం. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. రోజుకు 450 లోటు అంటే వారానికి 400 గ్రాములకు కొంచెం ఎక్కువ, అంటే ఒంటి బరువులో అర శాతం. ఇంతకంటే వేగంగా వెళ్లాలన్న తొందర అర్థమయ్యేదే గానీ, 2011లోనే నార్వేలో మేటి క్రీడాకారులు 24 మందిని రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టు వారానికి ఒంటి బరువులో 0.7 శాతం చొప్పున, రెండోది 1.4 శాతం చొప్పున తగ్గేలా తిన్నారు. చివరికి రెండు జట్లూ తగ్గిన మొత్తం బరువు ఇంచుమించు ఒకటే. కానీ నెమ్మదిగా తగ్గినవాళ్లకు కండ కొంత పెరిగింది, తొందరపడినవాళ్లకు పెరగలేదు.

ప్రొటీన్ కిలో ఒంటి బరువుకు 1.6 నుంచి 2.2 గ్రాముల మధ్య ఉండాలి, తిండి తక్కువైన రోజుల్లో పైఅంచుకు దగ్గరగా ఉంటే మేలు. ఇతనికి 150 గ్రాములు. మన పళ్లెంలో దీన్ని కూర్చడం కష్టం కాదు గానీ, అన్నం, పప్పు, పెరుగు మీదే ఆధారపడితే కుదరదు. కప్పు పప్పులో ఏడెనిమిది గ్రాములకు మించి రావు. ఉదయం 60 గ్రాముల పెసలతో వేసిన రెండు పెసరట్లు, మూడు కోడిగుడ్లు కలిపి 33 గ్రాముల దాకా ఇస్తాయి. మధ్యాహ్నం తూచి పెట్టుకున్న 200 గ్రాముల అన్నం, పచ్చిగా ఉన్నప్పుడు 150 గ్రాములు తూగే ఎముకల్లేని చికెన్ కూర, చిన్న గిన్నె పెరుగు, మరో నలభై నాలుగు. సాయంత్రం జిమ్‌కు ముందు అరటిపండు, ఒక స్కూప్ వే ప్రొటీన్, అది ఇరవై నాలుగు. రాత్రి రెండు పుల్కాలు, ఒక కప్పు పప్పు, 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌తో కూర. మీల్‌మేకర్‌లో సగం బరువు ప్రొటీనే, మాంసం తిననివాళ్లకు దానంత చవకైన దారి లేదు. పనీర్ కూడా ప్రొటీన్ తిండే కదా అని పావుకిలో తినేవాళ్లు అందులో ప్రొటీన్ కంటే కొవ్వు ఎక్కువని మరిచిపోతారు.

లెక్క తప్పేది ఎక్కువగా నూనె దగ్గర. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. తాలింపులో చేయి వాలితే రోజంతటి లోటులో నాలుగో వంతు అక్కడే పోతుంది. ఇతను చేసిన మంచి పని ఏమిటంటే, కూరలకు వారానికి సరిపడే నూనె వేరే సీసాలో పోసుకుని అందులోంచే వాడటం.

మొదటి వారం సగటు 80.1కి దిగింది. సంబరపడాల్సింది లేదు. అన్నం తగ్గినప్పుడు కండల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ తగ్గుతుంది, దాని ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా పోతుంది. రెండో వారం 79.6, మూడో వారం 79.2, నాలుగో వారం 78.8. బెంచ్ 80తో ఆరు రెప్స్, అలాగే ఉంది. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ కదల్లేదు. సజావుగా సాగుతున్న కటింగ్ ఇలాగే, ఏ విశేషమూ లేకుండా ఉంటుంది.

ఐదో వారం 78.8, ఆరో వారం 78.9. ఇక్కడ తొందరపడి మరో 300 కేలరీలు కోసేవాళ్లే ఎక్కువ. కానీ ముందు చూడాల్సింది వేరే. నడుము కొలిచాడు, అదీ కదల్లేదు. కాబట్టి నీరు చేరి బరువు దాగిపోవడం కాదు, లోటే మాయమైంది. ఫోన్‌లో అడుగుల లెక్క చూస్తే మొదటి వారాల్లో రోజుకు 9,000 ఉండేవి 6,000కు పడిపోయాయి. తిండి తగ్గిన ఒళ్లు తెలియకుండానే కదలడం తగ్గించుకుంటుంది. మెట్ల బదులు లిఫ్ట్, భోజనం తర్వాత నడక బదులు కుర్చీ. దానికితోడు రెండు పెళ్లి భోజనాలు. తిండిలో ఏమీ తగ్గించకుండా, రాత్రి భోజనం తర్వాత అరగంట నడక పెట్టుకుని అడుగుల్ని 9,000కు తెచ్చాడు. ఏడో వారం 78.3. కార్డియో అంటే కటింగ్‌లో నాకు తోచే మంచి రూపం ఈ నడకే. పరుగు ఇష్టమైతే కాళ్ల రోజుకు ముందురోజు మాత్రం వద్దు.

ఎనిమిదో వారంలో అసలు పరీక్ష వచ్చింది. బెంచ్ ఏడో వారం ఐదు రెప్స్‌కు పడింది, ఈ వారం నాలుగు. ఒక్కరోజు పడితే లెక్కచేయనక్కర్లేదు, ఎవరికైనా ఒక చెడ్డరోజు ఉంటుంది. వరసగా రెండు వారాలు పడితే ఆలోచించాలి. తర్వాతి ప్రశ్న, ఇదొక్కటే పడిందా, అన్నీ పడ్డాయా? ఒక్క వ్యాయామమే పడితే ఆ కీలుకో కండకో అలసట. బెంచ్ ప్రెస్ మిగతావాటికంటే త్వరగా పడటం మామూలే, ఛాతీ, వీపు దగ్గర కొవ్వు తగ్గి రాడ్ ప్రయాణించాల్సిన దూరం కాస్త పెరుగుతుంది కూడా. కానీ ఇతనికి స్క్వాట్‌లో కూడా ఒక రెప్ పోయింది. పుల్-అప్స్ మాత్రం బాగున్నాయనుకున్నాడు, ఐదు కిలోలు కట్టుకుని మునుపటి రెప్సే చేస్తున్నాడు. అక్కడ ఒక మోసం ఉంది. మొదటిరోజు 81 కిలోల ఒళ్లు, ఐదు కిలోల ప్లేటు కలిపి 86 కిలోలు పైకి లాగాడు. ఇప్పుడు 78 కిలోల ఒంటితో అదే ఐదు కట్టుకుంటే లాగుతున్నది 83. అంటే అక్కడా మూడు కిలోలు పోయాయి, కనపడలేదంతే. ఒళ్లు తగ్గినకొద్దీ బెల్టుకు ప్లేటు పెంచుకుంటేనే పోలిక సరిగా ఉంటుంది.

అన్నీ పడుతున్నాయంటే కారణం జిమ్ బయట వెతకాలి. విదేశీ క్లయింటుతో రాత్రి కాల్స్ వల్ల పదిరోజులుగా ఐదు గంటలే నిద్ర. ఆ కాల్స్ ఆపడం అతని చేతుల్లో లేదు. చేతుల్లో ఉన్నది సెట్లు. తొమ్మిదో వారం ప్రతి వ్యాయామంలోనూ సగం సెట్లే చేశాడు. బెంచ్‌కు 80తో నాలుగు రెప్స్ ఒక్క సెట్, స్క్వాట్‌కు 110తో మూడు రెప్స్ ఒక్క సెట్, వెంటనే ఇంటికి. ఆ వారం తిండిని కూడా 2,400కు పెంచాడు, పెంచిందంతా అన్నమే. ఇలా మధ్యలో తిండి పెంచితే కొవ్వు ఇంకా వేగంగా కరుగుతుందన్న మాట నమ్మకండి. అలసట తీరుతుంది, జిమ్‌లో మళ్లీ పట్టు వస్తుంది, ఆ మాత్రం చాలు. పదో వారం నుంచి సోమవారం ఓవర్‌హెడ్ ప్రెస్ ఒకే సెట్‌కు, బెంచ్ తేలిక సెట్లు ఒకటికి తగ్గించి, 2,100కు తిరిగి వచ్చాడు. బెంచ్ 80తో ఐదు రెప్స్‌కు చేరింది.

పన్నెండో వారం చివర సగటు 76.6 కిలోలు, నడుము 89 సెంటీమీటర్లు. డెడ్‌లిఫ్ట్ 140తో ఐదు, స్క్వాట్ 110తో ఐదు, బెంచ్ 80తో ఐదు. మొదటి పేజీతో పోలిస్తే పోయింది బెంచ్‌లో ఒక్క రెప్. నాలుగున్నర కిలోలు దిగిన మధ్యస్థాయి లిఫ్టర్‌కు ఇంతకంటే మంచి ఫలితం ఆశించడం అత్యాశ. కటింగ్‌లో కొత్త రికార్డులు వస్తాయని ఎవరైనా చెబితే, అది కొత్తగా చేరినవాళ్లకో, చాలాకాలం మానేసి మళ్లీ వచ్చినవాళ్లకో వర్తించే మాట.

ఆడవాళ్లు ఇదే పద్ధతి ఇదే తీరులో పాటించవచ్చు, ఒక్క మార్పుతో. నెలసరికి ముందు రోజుల్లో ఒంట్లో నీరు చేరి బరువు కిలో, కిలోన్నర పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకని గత వారంతో కాకుండా, పోయిన నెల అదే వారంతో పోల్చుకోవాలి. మధుమేహానికి ఇన్సులిన్‌గానీ మాత్రలుగానీ వాడుతున్నవాళ్లు అన్నం తగ్గించేముందు మందుల మోతాదు గురించి డాక్టర్‌ను అడగాలి, లేకపోతే జిమ్‌లోనే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు పైన చెప్పిన ప్రొటీన్ లెక్క వర్తించదు. నెలసరి ఆగిపోవడం, ఎప్పుడూ చలిగా ఉండటం, నిద్ర పట్టకపోవడం, నడుము తగ్గకుండా అన్ని అంకెలూ పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఎన్ని వారాలు మిగిలి ఉన్నా ఆపేయాలి.

పన్నెండు వారాల తర్వాత ఇతను 2,100 నుంచి ఒక్కసారిగా పాత 2,550కి వెళ్లలేదు. తేలికైన ఒంటికి అంత అవసరం లేదు. మొదటి పది రోజులు 2,300, తర్వాత 2,450, సగటు నిలకడగా ఉన్న చోట ఆగాడు. మొదటి వారంలోనే దాదాపు కిలో పెరిగింది. అది గ్లైకోజెన్, దాని నీరు. నడుము 89 దగ్గరే ఉంది కాబట్టి కంగారుపడి మళ్లీ తిండి తగ్గించలేదు. కోసేసిన సెట్లను వారానికి రెండు మూడు చొప్పున తిరిగి చేర్చడం మొదలుపెట్టాడు, ముందుగా బెంచ్ ప్రెస్‌కు.